దుకాణం లీజు తేదీల పట్టిక – 3వ భాగం: రెన్యువల్ నోటీసు గడువును లెక్కగట్టడం

గత భాగంలో లీజు డీడ్‌ను మొదటి పేజీ నుంచి చివరి సంతకాల దాకా చదివి, తేదీతో గానీ గడువుతో గానీ ముడిపడిన ప్రతి షరతును ఒక పట్టికలో వరుసగా రాసుకున్నాము. ఈ భాగంలో ఆ పట్టికలోని ఒకే వరుసను, అంటే రెన్యువల్ నోటీసు వరుసను తీసుకుని పూర్తిగా నింపుదాము. కిరాయి పెంపు తేదీ తప్పితే కొంత సొమ్ముతో పోతుంది గానీ, ఈ తేదీ తప్పితే మడిగెయే చేజారే అవకాశం ఉంది కనుక దీనికి ఒక పాఠం మొత్తం కేటాయించడం సబబే.

ఉదాహరణకు హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక బట్టల దుకాణాన్ని ఊహించుకుందాము. డీడ్ ప్రకారం లీజు 01-04-2022 నుంచి ఐదేళ్లు, 31-03-2027తో ముగుస్తుంది. కిరాయి నెలకు 40,000 రూపాయలు. డీడ్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు అయినది 18-04-2022న. రెన్యువల్ షరతు ఇలా ఉంది:

"లీజు గడువు ముగియుటకు ఆరు నెలల కంటె ముందు గాకను, మూడు నెలలకు తక్కువ గాకుండను యజమానికి రాతపూర్వక నోటీసు అందజేసిన యెడల, మరియు కిరాయి బకాయిలు లేని యెడల, అప్పటి కిరాయిపై 15 శాతం పెంపుతో మరి ఐదు సంవత్సరములకు లీజును పునరుద్ధరించుకొనుటకు కిరాయిదారునకు హక్కు కలదు."

ఈ ఒక్క వాక్యంలో నాలుగు సంగతులు ఉన్నాయి. నోటీసు ఇవ్వడానికి ఒక ప్రారంభ తేదీ ఉంది, ఒక ఆఖరి తేదీ ఉంది, నోటీసు యజమానికి "అందాలి" అన్న నియమం ఉంది, బకాయి ఉండకూడదన్న షరతు ఉంది. చాలామంది తమ ఫోనులో "మార్చి 31 – లీజు అయిపోతుంది" అని మాత్రమే గుర్తు పెట్టుకుంటారు. ఆ రోజు ఫోను మోగేసరికి ఈ నాలుగింటిలో ఏదీ చేతిలో ఉండదు.

ముందుగా ముగింపు తేదీని ఖాయం చేసుకోవాలి. ఐదేళ్లను రిజిస్ట్రేషన్ జరిగిన ఏప్రిల్ 18 నుంచి లెక్కపెట్టడం తరచుగా కనిపించే పొరపాటు. లీజు కాలం డీడ్‌లో చెప్పిన ప్రారంభ తేదీ నుంచి నడుస్తుంది. మన డీడ్‌లో ముగింపు తేదీ స్పష్టంగా ఉంది కాబట్టి చిక్కు లేదు. అలా కాకుండా "01-04-2022 నుంచి ఐదు సంవత్సరములు" అని మాత్రమే రాసి వదిలేసిన డీడ్‌లూ ఉంటాయి. అటువంటప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 110వ సెక్షను ప్రకారం ప్రారంభ దినాన్ని లెక్కలోంచి తీసేస్తారు, విరుద్ధమైన ఒప్పందం లేకుంటే లీజు ఐదో వార్షిక దినమంతా, అంటే 01-04-2027 దాకా నడుస్తుంది. వాదనకు ఆ ఒక్క రోజు పనికిరావచ్చు గానీ పట్టికలో మాత్రం 31-03-2027 అనే రాయండి. మనం చేయవలసిన పని విషయంలో రెండు తేదీలకు ఆస్కారం ఉంటే, మనకు తక్కువ సమయం ఇచ్చే తేదీనే పట్టికలో ఎక్కించాలి. ఈ పాఠంలోని లెక్కలన్నీ ఈ నియమం మీదనే నడుస్తాయి.

ఇప్పుడు వెనక్కి లెక్కపెడదాము. ఇక్కడ నెల అంటే క్యాలెండరు నెల. ఆరు నెలలను 180 రోజులుగా మార్చి తీసివేస్తే 2026 అక్టోబరు 2 వస్తుంది, అది వేరే తేదీ. మార్చి 31 నుంచి ఆరు నెలలు వెనక్కి వెళ్తే సెప్టెంబరు 31 రావాలి, కానీ ఆ నెలకు 30 రోజులే. అందువల్ల నోటీసు ఇచ్చే కాలం సెప్టెంబరు 30న మొదలైనదా, అక్టోబరు 1న మొదలైనదా అన్న సందేహానికి తావుంది. తొందరపడి ముందే ఇచ్చిన నోటీసు చెల్లదని యజమాని అనకుండా ప్రారంభాన్ని అక్టోబరు 1గా తీసుకుందాము. అలాగే మూడు నెలలు వెనక్కి వెళ్తే డిసెంబరు 31 వస్తుంది. అయితే "మూడు నెలలకు తక్కువ గాకుండా" అన్నప్పుడు నోటీసు అందిన రోజును, గడువు ముగిసే రోజును రెండింటినీ వదిలేసి, నడుమ నిండుగా మూడు నెలలు ఉండాలని వాదించవచ్చు. ఆ వాదనకు కూడా నిలవాలంటే ఆఖరి తేదీ డిసెంబరు 30 అవుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఈ లెక్క ఇలా ఉంటుంది:

```
B2: =DATE(2027,3,31)
C2: =EDATE(B2,-6)+1
D2: =EDATE(B2,-3)-1
```

గడులను తేదీ రూపంలో అమర్చుకుంటే C2లో 01-10-2026, D2లో 30-12-2026 రావాలి. B2లో తేదీని నేరుగా టైపు చేయకుండా `DATE` వాడమనడానికి కారణం ఉంది. షీటు అమెరికా పద్ధతిలో అమర్చి ఉంటే 01-04 అని కొట్టినదాన్ని జనవరి 4గా తీసుకుంటుంది, కంటికి మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. నెల పేరు అక్షరాల్లో కనిపించేలా ఆ గడిని అమర్చుకుంటే ఇటువంటి తప్పు వెంటనే బయటపడుతుంది.

డిసెంబరు 30 అనేది నోటీసు యజమాని చేతికి అందవలసిన ఆఖరి రోజు, మనం పోస్టు చేయవలసిన రోజు కాదు. మన ఉదాహరణలోని యజమాని చిరునామా సుబేదారిలో ఉంది గానీ, ఆయన ఏడాదిలో సగం కాలం హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటారనుకుందాము. పోస్ట్‌మన్ వచ్చి తాళం చూసి వెళ్తే కవరు కొన్నాళ్లకు తిరిగి మన దుకాణానికే వస్తుంది. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన ఉత్తరం అందినట్టే భావించవచ్చన్న సూత్రం కోర్టులో ఉంది; కానీ అవతలి పక్షం దాన్ని ఖండించే వీలు కూడా ఉంది కనుక పట్టికను ఆ సూత్రం మీద ఆధారపడి కట్టకూడదు. పాత డీడ్‌లలో "రిజిస్టర్డ్ పోస్టు ద్వారా" అని ఉంటుంది. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపివేసింది కాబట్టి, అటువంటి షరతు ఉన్నవారు స్పీడ్ పోస్టుతోపాటు నోటీసును చేతికిచ్చి నకలు మీద తేదీతో సంతకం తీసుకోవడం మేలు. వాట్సాప్ సందేశం అదనపు సాక్ష్యంగా ఉండనివ్వండి, దాన్నే నోటీసుగా భావించవద్దు.

పంపే తేదీని నిర్ణయించేటప్పుడు వ్యాపారం తీరును కూడా చూడాలి. బట్టల దుకాణానికి అక్టోబరంతా బతుకమ్మ, దసరా గిరాకీ. 2026లో దీపావళి నవంబరు రెండో వారం మొదట్లో వస్తుంది. కాబట్టి పంపే తేదీగా నవంబరు 16, సోమవారం పెట్టుకుందాము. డిసెంబరు 1న అందినట్టు రుజువు వచ్చిందో లేదో చూస్తాము. రాకపోతే మరోసారి పంపడానికి, హైదరాబాదు వెళ్లి చేతికివ్వడానికి, వకీలు ద్వారా ఇప్పించడానికి నాలుగు వారాలకు పైగా మిగిలి ఉంటాయి. ఉత్తరం పోస్టు చేసిన రోజున ఈ వరుసను కొట్టివేయకూడదు. అందినట్టు చూపే ట్రాకింగ్ కాగితం గానీ, సంతకం చేసిన నకలు గానీ ఫైలులో చేరిన తరువాతనే కొట్టివేయాలి. ట్రాకింగ్ వివరం వెబ్‌సైటులో ఎల్లకాలం ఉండదు కనుక దాన్ని ప్రింటు తీసుకోవాలి.

ఇక బకాయి షరతు. ఇది కిరాయి పెంపు వరుసతో ముడిపడి ఉందన్న సంగతి చాలామందికి తట్టదు. మన డీడ్‌లో "మూడు సంవత్సరములు పూర్తయిన పిమ్మట కిరాయి 15 శాతం పెరుగును" అని ఉంది. "పెరుగును" అన్నారు గనుక యజమాని అడగకపోయినా 01-04-2025 నుంచి కిరాయి 46,000 అవుతుంది. "నోటీసు ఇచ్చి పెంచవచ్చును" అని ఉంటే లెక్క వేరు. కిరాయిదారు ఆ పెంపును గమనించక జూలై దాకా పాత కిరాయే వేసి, ఆగస్టు నుంచి కొత్తది వేశాడనుకుందాము. నెలకు 6,000 చొప్పున నాలుగు నెలలకు 24,000 రూపాయలు బకాయి. ఏడాదిన్నరగా ఎవరూ పట్టించుకోని ఆ మొత్తం, సకాలంలో అందిన నోటీసును కూడా చెల్లదనడానికి సరిపోతుంది. అందుకని నోటీసు వరుసకు పైన 01-09-2026 తేదీతో "కిరాయి లెక్క సరిచూసి, బకాయి ఉంటే బ్యాంకు ద్వారా చెల్లించి, బకాయి లేదని యజమాని చేత రాయించుకోవాలి" అన్న వరుసను చేర్చండి.

నోటీసు ఆలస్యమైతే ఏమవుతుందంటే, రెన్యువల్ హక్కు విషయంలో కోర్టులు కిరాయిదారు పట్ల ఉదారంగా ఉండవు. కాల్టెక్స్ (ఇండియా) కేసులో సుప్రీంకోర్టు రెన్యువల్‌ను కిరాయిదారుకు ఇచ్చిన ఒక ప్రత్యేక వెసులుబాటుగా చూసి, దాన్ని కోరుకునేవాడు చెప్పిన గడువులోనే కోరాలని, అక్కడ కాలం అత్యంత ముఖ్యమని తేల్చింది. గడువు దాటాక కూడా యజమాని కిరాయి తీసుకుంటూ ఉంటే ఆస్తి బదిలీ చట్టంలోని 116వ సెక్షను కింద దుకాణం నెలవారీ కిరాయి మీద కొనసాగుతుంది. కానీ 106వ సెక్షను ప్రకారం 15 రోజుల నోటీసుతో దాన్ని ముగించవచ్చు. లక్షలు పెట్టి ర్యాకులు, ఫాల్స్ సీలింగ్ వేయించుకున్నవారికి ఆ 15 రోజులు ఎంత మాత్రం చాలవు.

యజమానులు మంచివారైనప్పుడే ఈ గడువులు ఎక్కువగా తప్పుతాయని నా అభిప్రాయం. "అంత తొందరేముంది తమ్మీ, ఉగాదికి కూసొని మాట్లాడుకుందాం తీ" అని ఆయన మనసారా అంటారు, కిరాయిదారు నిశ్చింతగా ఊరుకుంటాడు. 2027లో ఉగాది ఏప్రిల్ 7న వస్తుంది. అంటే ఆ మాటలు జరిగేనాటికి లీజు ముగిసి వారం గడుస్తుంది, నోటీసు గడువు దాటి మూడు నెలలు దాటిపోతాయి. ఇటువంటి సందర్భంలో "సరే అన్నా" అనండి, నోటీసు మాత్రం నవంబరు 16నే పంపండి. కాగితం పంపుతున్నట్టు ముందుగా ఒక మాట చెబితే ఆయన నొచ్చుకోరు.

నోటీసు అందడంతో పని పూర్తి కాదు. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు డీడ్ ద్వారానే ఏర్పడాలి కాబట్టి, 46,000 మీద 15 శాతం పెంపుతో 52,900 రూపాయల కిరాయికి కొత్త డీడ్ రాయించుకోవడానికి 31-01-2027 తేదీతో ఒక వరుస, రిజిస్ట్రేషన్‌కు 15-03-2027 తేదీతో మరొక వరుస పెట్టుకోవాలి. మీ డీడ్‌లో శాతం ఏమీ చెప్పకుండా "పరస్పర అంగీకారముతో నిర్ణయించు కిరాయికి" అని ఉంటే ఆ రెన్యువల్ హక్కు బలహీనమైనది. అక్కడ నోటీసు కాలం మొదలైన అక్టోబరు 1 నుంచే కిరాయి మాటలు మొదలుపెట్టాలి.

అభ్యాసం: 30-06-2028న ముగిసే లీజుకు "నాలుగు నెలల కంటె ముందు గాకను, రెండు నెలలకు తక్కువ గాకుండను" అన్న షరతు ఉంది. ముందు కాగితం మీద లెక్కపెట్టి, ఆపైన షీటులో సరిచూడండి. 2028 లీపు సంవత్సరం కనుక ఫిబ్రవరి 29 దగ్గర జాగ్రత్త. ప్రారంభం 01-03-2028, ఆఖరి తేదీ 29-04-2028 రావాలి. ఆ ఆఖరి తేదీ శనివారం, మరునాడు ఆదివారం. డీడ్‌లో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, సెలవు వచ్చిందని నోటీసు గడువు సోమవారానికి జరుగుతుందని అనుకోవద్దు. మీరు పెట్టుకునే పంపే తేదీని, దానికి కారణాన్ని అదే వరుసలో రాసి ఉంచండి. లాక్-ఇన్ కాలం, ఖాళీ చేసే నోటీసు వరుసలను నింపే 4వ భాగంలో ఆ వరుస మళ్లీ అవసరమవుతుంది.