పుస్తకంలో 45వ పేజీ, పీడీఎఫ్‌లో 61: ఉదహరించేటప్పుడు ఏది రాయాలి?

సమస్య

స్కాన్ చేసిన పుస్తకం చదివి, థీసిస్‌లో "పే. 61" అని రాశారు. గైడ్ గారు లైబ్రరీలో అచ్చు ప్రతి తీసి చూస్తే ఆ మాట 61లో లేదు, 45లో ఉంది.

కారణం

పీడీఎఫ్ తెరిచి చూపే ప్రోగ్రామ్, అంటే వ్యూయర్, అట్ట నుంచే ఒకటి, రెండు అని లెక్కపెడుతుంది. పుస్తకమేమో ముందుమాటకు i, ii అని రోమన్ అంకెలు వేసి, అసలు విషయం దగ్గర మళ్లీ 1తో మొదలుపెడుతుంది. మన ఉదాహరణలో ముందు 16 పేజీలు పోయాయి కాబట్టి 45 కాస్తా 61 అయింది.

ఈ తేడా సర్దడానికి పీడీఎఫ్‌లో పేజీ లేబుల్ అనే ఏర్పాటు ఉంది. అది ఉంటే ఫైర్‌ఫాక్స్ లాంటివి పేజీ పెట్టెలో 45 చూపించి, పక్కన `(61 of 320)` అని చూపుతాయి. స్కాన్ ఫైళ్లలో సాధారణంగా ఈ లేబుళ్లు ఎవరూ పెట్టరు.

పరిష్కారం

ఉదహరింపులో ఎప్పుడూ కాగితం మీద అచ్చయిన అంకె రాయండి. లేబుల్ ఉన్నా, ఒకసారి పేజీ మీది అంకెతో సరిచూడండి. ఫైళ్లు కలిపినప్పుడో, కొన్ని పేజీలు తీసేసినప్పుడో లేబుల్ తప్పిపోవచ్చు.

"16 తీసేస్తే చాలు కదా" అని మాత్రం అనుకోవద్దు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఈ పుస్తకంలో 96వ పేజీ తర్వాత అంకె లేని ఫొటో పేజీలు నాలుగు ఉన్నాయి. అందుకే 97వ పేజీ వ్యూయర్‌లో 117 అయింది, అంటే తేడా 20కి పెరిగింది. మొదట్లో ఒకచోట, చివర్లో ఒకచోట తేడా తీసి చూడండి. రెండూ ఒకటి కాకపోతే మధ్యలో ఫొటోలు వచ్చాయో, స్కానింగ్‌లో పేజీలు తప్పిపోయాయో వెతకాలి.

ఫైల్ మీ సొంతమైతే qpdf అనే కమాండ్‌లైన్ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్‌తో లేబుళ్లు పెట్టుకోవచ్చు:

```
qpdf in.pdf --set-page-labels 1:r 17:D 113:D/1/P- 117:D/97 -- out.pdf
```

మొదటి 16 పేజీలకు రోమన్ అంకెలు, 17వ దాని నుంచి 1, 2, 3, ఫొటోలకు P-1 నుంచి P-4, ఆ తర్వాత 97 నుంచి మామూలుగా వస్తాయి. ముందుమాటలో అచ్చయిన v వ్యూయర్ లెక్కలో అయిదో పేజీలోనే ఉందో లేదో ముందే చూసుకోండి.

రెండు పేజీలను ఒకే బొమ్మగా స్కాన్ చేసి ఉంటే ఈ పద్ధతి కుదరదు, ముందు వాటిని విడదీయాలి.

లింకు ఇచ్చేటప్పుడు లెక్క తిరగబడుతుంది. `#page=61` అన్నది వ్యూయర్ లెక్కే. కాబట్టి ఉదహరింపులో "పే. 45", దాని లింకులో 61 ఉండాలి.