మూడు కొటేషన్లు, మూడు దారులు: నా అనుభవం

పలాసలో మా జీడిపప్పు యూనిట్‌కి 16 సీసీ కెమెరాలు పెట్టించాలని మూడు కొటేషన్లు తెప్పించాను. ఒకటి 1,40,000, ఇంకోటి 1,86,000, మూడోది కెమెరాకి ఇంత, వైరు మీటరుకి ఇంత అని. మా బావ "తక్కువదానికిచ్చేయ్" అన్నాడు. చిన్న అక్షరాల్లో చూస్తే మొదటిదానిలో జీఎస్టీ లేదు, రెండోదానిలో ఉంది. తప్పు వాళ్లది కాదు, నేను అడిగిందే "16 కెమెరాల రేటు చెప్పండి" అని!

మళ్లీ రాశాను. హార్డ్‌డిస్క్ సైజు చెప్పకుండా, 30 రోజుల రికార్డింగ్ నిలవాలి, రాత్రి గేటు దగ్గర లారీ నంబరు చదవగలగాలి అని పెట్టాను. ధరల పట్టిక నేనే గీసి ఖాళీ గళ్లు ఇచ్చాను: సామాను, బిగింపు, 18 శాతం జీఎస్టీ, అయిదేళ్ల మెయింటెనెన్స్. రెండు కవర్లు అడిగాను. నాణ్యత కవరు ముందు తెరిచి, అందులో నెగ్గిన వాళ్లదే ధర కవరు చూస్తానని ముందే చెప్పాను. ఒకరు ఫోన్‌లో వైరు పొడవు అడిగితే, జవాబు ముగ్గురికీ వాట్సాప్‌లో పంపాను.

మూడోవాళ్ల డెమోలో నంబరు ప్లేటు తెల్లగా వెలిగిపోయింది, కవరు తెరవకుండానే తిరిగిచ్చేశాను. మొదటివాళ్లది జీఎస్టీతో 1,65,200, రెండో ఏడాది నుంచి మెయింటెనెన్స్ ఏటా 12,000. అంటే మొత్తం 2,13,200. రెండోవాళ్లు మూడేళ్లు ఉచితం, ఆపైన ఏటా 9,000 అని రాశారు. మొత్తం 2,04,000. పని వాళ్లకే ఇచ్చాను. బావ ఇంకా ఆ 1,40,000 దగ్గరే ఉన్నాడు.