ఇంటి ఫైబర్ లైను, నాలుగో పాఠం: ఎర్రలైటు వెలగకముందే పట్టుకోవడం

పోయిన పాఠంలో గోడకున్న బాక్సు నుంచి మోడెం దాకా వైరు ఎలా వస్తుందో చూశాం. ఆ మోడెం అసలు పేరు ఓఎన్‌టీ. ఇంట్లో అందరూ మోడెం అనే అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. ఇవాళ్టి పని, నెట్ సతాయిస్తున్నప్పుడు తప్పు ఫైబర్‌లో ఉందా లేదా, ఉంటే ఇంట్లోనా బయటా అన్నది తేల్చుకోవడం.

ముందు లైట్లు. వాటిలో మనకు పనికొచ్చేవి రెండే, పాన్, ఎల్‌ఓఎస్. పాన్ కదలకుండా పచ్చగా ఉండి ఎల్‌ఓఎస్ ఆరిపోయి ఉంటే కాంతి వస్తోంది, ఆపరేటర్ దగ్గరున్న ఓఎల్‌టీ మిషన్ మన మోడెంను గుర్తుపట్టింది. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంటే కాంతి రావడం లేదు, లేదా మోడెం చదవలేనంత తక్కువగా వస్తోంది. కొన్ని మోడళ్లలో అది మిణుకుమిణుకుమన్నా అర్థం దాదాపు ఇదే. మూడోదే జనాన్ని తికమక పెడుతుంది: ఎల్‌ఓఎస్ ఆరి ఉంటుంది, పాన్ మాత్రం ఆగకుండా కొట్టుకుంటూ ఉంటుంది. కాంతి వస్తోంది గానీ రిజిస్ట్రేషన్ పూర్తి కావడం లేదన్నమాట. మోడెం మార్చాక కొత్త సీరియల్ నంబరు ఆపరేటర్ సిస్టంలో ఎక్కించకపోయినా ఇలాగే అవుతుంది. అప్పుడు ఫైబర్ మీద అనుమానపడి వైరంతా పీకి చూడడం దండగ.

ఎర్రలైటు కనిపించగానే టెన్షన్ పడకుండా పక్క ఫ్లాట్‌లో అదే ఆపరేటర్ కనెక్షన్ ఉన్నవాళ్లను అడగండి. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించినప్పుడు చాలాచోట్ల ఇళ్లలో నెట్ పోయింది. అలాంటప్పుడు మన ఇంట్లో వెతకడానికి ఏమీ ఉండదు.

అయితే లైటుకు ఉన్నది రెండు మాటలే, ఉంది లేదా లేదు. మధ్యలో జరిగేది అది చెప్పదు. కాంతి తగ్గుతూ తగ్గుతూ అంచుకు చేరినా పాన్ పచ్చగానే ఉంటుంది. మనం ఆధారపడాల్సింది నంబరు మీద.

బ్రౌజర్‌లో మోడెం పేజీ తెరవండి. చాలావాటికి `192.168.1.1`, కొన్నిటికి `192.168.100.1`. మోడెం కింద అంటించిన స్టిక్కర్ మీద అడ్రసూ, లాగిన్ వివరాలూ ఉంటాయి. లోపల స్టేటస్ మెనూలో `Optical` లేదా `PON` అన్న చోట `Rx Optical Power` అని ఒక లైను కనిపిస్తుంది. మనకు చేరుతున్న కాంతి అదే. పక్కనే ఉండే `Tx Optical Power` మన మోడెం బయటికి పంపేది. అది బాగుందంటే లేజరు బాగుందని మాత్రమే. అవతలికి ఎంత చేరిందో ఓఎల్‌టీ వైపు చూస్తేనే తెలుస్తుంది.

ఆ `Rx` నంబరు డీబీఎం అనే కాంతి కొలతలో ఉంటుంది, ముందు మైనస్ గుర్తుంటుంది. మైనస్ పక్కన అంకె పెరిగే కొద్దీ కాంతి తగ్గినట్టు. ఆ అంకె 3 పెరిగితే కాంతి సగమవుతుంది, 10 పెరిగితే పదో వంతే మిగులుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే, జీపాన్ అనే ఫైబర్ పద్ధతి మోడెంలు సాధారణంగా -27 దాకా చదవగలవు. -8 కంటే కాంతి ఎక్కువైనా తట్టుకోలేవు గానీ, ఇళ్లలో ఆ సమస్య అరుదు.

ఎంత రావాలో ఒక లెక్క వేద్దాం. ఓఎల్‌టీ నుంచి +4తో బయల్దేరింది అనుకోండి. దారిలో ఒక్కో ఫైబర్‌ను ఎనిమిదిగా పంచే స్ప్లిటర్లు రెండు. ఒక్కోటి సుమారు 10.5 డీబీ మింగేస్తుంది, రెండూ కలిపి 21. నాలుగు కిలోమీటర్ల ఫైబర్‌కు 1. జాయింట్లకు, కనెక్టర్లకు కలిపి 2. మొత్తం 24 పోతే మిగిలేది -20. దారిలో దూరం తినేది ఎంత తక్కువో చూడండి, కాంతిని తినేది స్ప్లిటర్లే. అందుకే "మా ఇల్లు దూరం కదా సార్, అందుకే సిగ్నల్ తక్కువ" అనే మాటను నేను తేలిగ్గా ఒప్పుకోను.

పక్కింటివాళ్ల నంబరుతో పోల్చుకుని బెంగపడనక్కర్లేదు. మోడెం చూపే అంకెలో 3 డీబీ దాకా అటూ ఇటూ తేడా ఉండొచ్చు. వాళ్లకు -18, మనకు -20 అయితే అది తప్పు కాదు. అదే మోడెంలో మన పాత నంబరుకూ ఇవాళ్టి నంబరుకూ తేడా ఎంత అన్నదే అసలు విషయం. నెట్ బాగున్న రోజునే ఒకసారి చూసి ఫోన్‌లో రాసిపెట్టుకోండి.

ఇప్పుడు ఒక కేసు. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. బాగున్నప్పుడు నంబరు -20.1. సోఫా, టీవీ యూనిట్ అటూ ఇటూ జరిపిన తర్వాత నెట్ రోజుకు నాలుగైదుసార్లు పోయి, రెండు నిమిషాల్లో దానంతటదే వస్తోంది. లైట్లు చూడబోతే అన్నీ పచ్చగానే ఉన్నాయి. పేజీలో మాత్రం -26.7. అంటే మునుపటి కాంతిలో ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ మిగిలింది, అంచు మీద నడుస్తోంది. అక్కడి నుంచి ఇంకొంచెం తగ్గినా లింకు తెగుతుంది.

లైన్‌మన్ పవర్ మీటరు తెచ్చాడు. దాన్ని ముందు 1490 నానోమీటర్లకు పెట్టాలి, జీపాన్‌లో ఇంటివైపు వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం అదే. గోడ బాక్సు నుంచి మోడెంకు వచ్చే చిన్న ఫైబర్ వైరే ప్యాచ్ కార్డు. మోడెంలోంచి దాని కొస తీసి మీటరుకు పెడితే -26.9. అదే మీటరుతో గోడ బాక్సు దగ్గర, ప్యాచ్ కార్డు కలిసే చోట కొలిస్తే -20.4. రెండిటికీ తేడా 6.5. వీధిలో, కారిడార్‌లో, బాక్సు దాకా అంతా బాగుంది, కాంతి పోతున్నది ఆఖరి రెండు మీటర్లలో. మంచి ప్యాచ్ కార్డు అర డీబీకి మించి తినకూడదు. టీవీ యూనిట్ వెనక చూస్తే కార్డు గోడకూ చెక్కకూ మధ్య నలిగి, అంచు దగ్గర కాగితం మడతపెట్టినట్టు వంగి ఉంది. మామూలు ఫైబర్‌ను 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగుతుగా వంచితే వంపు దగ్గర కాంతి బయటికి జారిపోతుంది. కొత్త కార్డు వేశాక మోడెం పేజీలో -20.3.

బాక్సు దగ్గరే -26 వచ్చి ఉంటే? అప్పుడు ఇంట్లో ఏం మార్చినా ప్రయోజనం లేదు, తప్పు బయటిది. ఇంట్లో కార్డు మార్చేటప్పుడు ఇంకొకటి చూసుకోండి. ఇళ్లలో ఎక్కువగా పచ్చ కొసలే ఉంటాయి. పచ్చ కొసకు నీలం కొస జతచేస్తే బిగుతుగా దూరినట్టే ఉంటుంది గానీ లోపల గాజు ముఖాలు సరిగా ఆనవు, కొన్ని డీబీలు అక్కడే పోతాయి.

మీటరు లేకపోయినా చాలావరకు తేల్చుకోవచ్చు. మోడెం పేజీ తెరిచి ఉంచి, కార్డు నలిగిన చోట మెల్లగా సరిచేస్తూ పేజీని రిఫ్రెష్ చేయండి. అంకె కదిలితే దొంగ దొరికినట్టే. తీసిన కొసలోకి మాత్రం కన్ను పెట్టి చూడకండి, అందులో వచ్చే కాంతి కంటికి కనిపించదు. స్తంభం మీది బాక్సు, కారిడార్‌లోని స్ప్లిటర్ మనవి కావు, వాటి జోలికి పోవద్దు.

కంప్లైంట్ చేసేటప్పుడు "నెట్ స్లో" అని ఊరుకోవద్దు. "నిన్నటిదాకా ఆర్ఎక్స్ పవర్ -20 ఉండేది, ఇవాళ -26.7, ప్యాచ్ కార్డు మార్చి చూశాను, తేడా లేదు" అని చెప్పండి. అప్పుడు వచ్చేవాడు మోడెం రీసెట్ చేసి వెళ్లిపోకుండా బాక్సు దగ్గర మీటరు పెడతాడు.

వచ్చే పాఠంలో కనెక్టర్ కొస శుభ్రం చేయడం. ఈలోగా వారం పాటు పొద్దున, రాత్రి ఒక్కోసారి మీ `Rx Optical Power` చూసి రాసుకోండి. వాన పడిన రోజు రీడింగ్ పక్కన ‘వాన’ అని రాయండి. తడిసినప్పుడే అంకె పడిపోతుంటే ఎక్కడో బయటి జాయింట్‌లోకి నీరు దిగుతోందని అనుమానించాలి.