Fn+2 నొక్కినా కీబోర్డు ఫోన్‌కి మారట్లేదా?

సమస్య: ఒకే బ్లూటూత్ కీబోర్డుకి మూడు ఛానెళ్లు. Fn+1 లాప్‌టాప్‌కి, Fn+2 ఫోన్‌కి, Fn+3 ట్యాబ్‌కి. నిన్నటిదాకా బాగానే పనిచేసింది. ఇవాళ Fn+2 నొక్కితే ఫోన్‌లో ఒక్క అక్షరం పడదు. బ్లూటూత్ లిస్టులో కీబోర్డు పేరు ఉంది కానీ, తాకితే కాసేపు ప్రయత్నించి ఊరుకుంటుంది.

ముందు కీబోర్డు లైటు చూడండి. చాలా మోడళ్లలో నెమ్మదిగా వెలిగి ఆరుతుంటే పాత పరికరం కోసం వెతుకుతోందని. అప్పుడు ఫోన్‌లో బ్లూటూత్ ఆఫ్‌లో ఉందేమో చూస్తే చాలు. గబగబా కొట్టుకుంటుంటే మాత్రం పెయిరింగ్ మోడ్‌లోకి వెళ్లిపోయినట్టే.

కారణం: Fn+2 తట్టి వదిలితే మారడం, మూడు నాలుగు సెకన్లు పట్టుకుంటే కొత్తగా జత చేయడం. తేడా అంతే. జత కలిసినప్పుడు రెండు వైపులా ఒకే రహస్య కీ దాచుకుంటాయి, ఒక ఛానెల్లో పట్టేది ఒక్క పరికరమే. మా అబ్బాయి టీవీలో సినిమా పేరు టైప్ చేద్దామని Fn+2 పట్టుకుని టీవీకి కలిపాడు. నా ఫోన్ కీ కీబోర్డులోంచి చెరిగిపోయింది. ఆ సంగతి ఫోన్‌కి తెలియదు, పాత కీతోనే తలుపు తడుతూ ఉంది!

పరిష్కారం: ఫోన్‌లో ఆ పేరు పక్కనున్న గుర్తు తాకి Forget కొట్టండి. ఇది వదిలేసి మళ్లీ జత చేస్తే ఒకే పేరు రెండుసార్లు కనిపించి, మీరు పాతదాన్నే తాకుతూ ఉండొచ్చు. తర్వాత లైటు గబగబా కొట్టుకునేదాకా Fn+2 పట్టుకుని, ఫోన్‌లో Pair new device నొక్కండి. టీవీ కూడా కావాలంటే దానికి వేరే ఛానెల్ ఇవ్వాల్సిందే.

ఫోన్ ఆరంకెల నంబరు చూపిస్తే ఆగండి, చాలామంది తడబడేది ఇక్కడే. దాన్ని ఫోన్‌లో కాదు, కీబోర్డు మీద కొట్టి Enter నొక్కాలి. కొడుతున్నప్పుడు తెరమీద ఏమీ పడకపోవచ్చు, కంగారు పడకండి. ఆలస్యం చేస్తే గడువు దాటి మళ్లీ మొదటికొస్తుంది.

ఇలాంటిదే ఇంకొకటి: ఒకే లాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. ఒకదాంట్లో జత చేస్తే రెండోదాంట్లో పోతుంది. బ్లూటూత్ చిప్ ఒకటే కాబట్టి కీబోర్డు దృష్టిలో రెండూ ఒకే యంత్రం. కొత్త కీ వచ్చి పాతదాని మీద కూర్చుంటుంది. విండోస్‌ని Fn+1కీ, లినక్స్‌ని Fn+3కీ కలపండి. ఛానెల్‌కొక చిరునామా వాడే కీబోర్డుల్లో గొడవ తీరిపోతుంది. అన్నిటికీ ఒకే చిరునామా వాడేదైతే ఈ చిట్కా పనిచేయదు.