బవేరియా పాఠం 3: స్పోర్ పురుగు ఒంట్లోకి ఎలా దూరుతుంది, చచ్చిన పురుగుని చూసి ఎలా కనిపెట్టాలి

పోయిన పాఠంలో పురుగుల్ని చంపే బవేరియా ఫంగస్ పొడిని నీళ్ళలో కలపడం చూశాం కదా, పొడి నీళ్ళలో కలవకుండా పైన తేలిపోతుందని చాలామంది విసుక్కున్నారు, అసలు ఆ గుణమే ఈరోజు పాఠం. ఆ పొడిలో ఉండేవి స్పోర్లు, అంటే ఫంగస్ విత్తనాల్లాంటివి, స్పోర్ పైపొర నీళ్ళని తోసేస్తుంది, పురుగు చర్మం మీద కూడా మైనం పూతే ఉంటుంది కాబట్టి రెండూ ఇట్టే అతుక్కుంటాయి.

పురుగు దీన్ని తినక్కర్లేదు, ఒంటికి తగిలితే చాలు. తేమ బాగా ఉండి వేడి 25 డిగ్రీల దగ్గర ఉంటే, సుమారు 12 నుంచి 20 గంటల్లో స్పోర్ నుంచి సన్న మొలక వస్తుంది, దాని కొస ఉబ్బి చర్మానికి గట్టిగా కరుచుకుంటుంది, ఆ ఉబ్బునే అప్రెసోరియం అంటారు. అక్కడినుంచి రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: ఎంజైములు చర్మంలోని మైనాన్ని, ప్రోటీన్‌ని, కైటిన్‌ని కరిగిస్తుంటాయి, లోపలి ఒత్తిడితో సన్న మేకులాంటి పోగు కిందికి దిగుతుంది. గోడని నానబెట్టి మేకు కొట్టినట్టన్నమాట. రక్తంలోకి చేరాక చిన్న చిన్న ముక్కలుగా పెరిగిపోతుంది, పురుగు చావడానికి మాత్రం 3 నుంచి 7 రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. సాయంత్రం 6కి స్ప్రే చేశారు, గొంగళిపురుగు మర్నాడు మధ్యాహ్నం కుబుసం విడిచింది అనుకోండి. అప్పటికి 18 గంటలే, మొలకలు ఇంకా పై పొరల్లోనే ఉంటాయి, కుబుసంతో పాటు ఫంగస్ కూడా ఊడి కింద పడిపోతుంది, పురుగు హాయిగా ఆకు తింటుంది! అదే రెండ్రోజుల తర్వాత విడిస్తే చాలావరకు లాభం ఉండదు దానికి, అప్పటికే ఫంగస్ లోపలికి దిగిపోయుంటుంది. చిన్న పురుగులు గబగబా కుబుసం విడుస్తాయి కాబట్టి ఒక్క స్ప్రేతో ఆపేస్తే కొన్ని తప్పించుకుంటాయి. పొద్దున ఎండలో కొడితే అసలు మొలక దాకా కూడా రాదు, స్పోర్లని యూవీ చంపేస్తుంది, సాయంత్రం కొట్టమనేది అందుకే.

సరే, చచ్చిన పురుగు దొరికింది, బవేరియాతోనే చచ్చిందా? ఒంటిమీద తెల్లగా ఏం లేదని వదిలేయకండి, గాలి పొడిగా ఉంటే బూజు బయటికి రాదు. 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ఒక నిమిషం ముంచి, శుభ్రమైన నీళ్ళతో మూడుసార్లు కడిగి, తడి బ్లాటింగ్ పేపర్ వేసిన డబ్బాలో మూత పెట్టి ఉంచండి. కడగడం మానొద్దు, కడక్కపోతే పైన అంటుకున్న వేరే బూజు పెరిగి మనల్ని మోసం చేస్తుంది. 3 నుంచి 5 రోజుల్లో ముందు కణుపుల సందుల్లోంచి, తర్వాత ఒళ్ళంతా సుద్దపొడి అద్దినట్టు తెల్లగా వస్తే, ఒళ్ళు గట్టిపడిపోయి ఉంటే, దాదాపు బవేరియానే. మెత్తబడి నల్లగా కారి కంపు కొడితే అది బ్యాక్టీరియా లేదా వైరస్ పని.

వచ్చే పాఠంలో ప్యాకెట్‌లో స్పోర్లు బతికున్నాయో లేదో మొలకల లెక్కతో చూద్దాం, దానికి మైక్రోస్కోప్ కావాలి.