ఫిజియాలజీ రివిజన్: పాత పేపర్లతో నాకు టైమ్ ఎలా సరిపోయింది

ఎంబీబీఎస్ ఫస్టియర్ ఫిజియాలజీలో బ్లడ్ చాప్టర్ నాలుగుసార్లు చదివేదాన్ని, హార్ట్ దగ్గరికొచ్చేసరికి టైమ్ అయిపోయేది. సీనియర్ల ఇంపార్టెంట్ లిస్టులు, రోజుకో చాప్టర్ టైమ్‌టేబుల్, రెండూ పనిచేయలేదు.

చివరికి మా యూనివర్సిటీ పాత పేపర్లు, సప్లిమెంటరీవి కూడా, ముందేసుకుని ప్రతి ప్రశ్ననీ టాపిక్ కింద రాశాను. బోర్ ఎఫెక్ట్, 2,3-డీపీజీ, ఆక్సిజన్ డిసోసియేషన్ కర్వ్ వేరే ప్రశ్నల్లా కనిపిస్తాయి కానీ ఒకే కర్వ్ గీస్తే మూడింటికీ సమాధానం వచ్చేస్తుంది, అందుకే వాటిని ఒకే టాపిక్‌గా పెట్టాను. ఎన్నిసార్లు వచ్చిందని కాకుండా ఒక్కో టాపిక్‌కి వచ్చిన మార్కులు కలిపాను, అసలు తేడా అక్కడే. ఐదు సార్లు వచ్చిన రెండు మార్కుల ప్రశ్న కన్నా రెండుసార్లు వచ్చిన కార్డియాక్ సైకిల్ వ్యాసమే బరువు.

పేపర్ 1 ప్రశ్నల మార్కులన్నీ కలిపితే 360 వచ్చాయి, అందులో హార్ట్‌వి 120. నా దగ్గరున్న 40 గంటల్లో, ఎప్పుడూ రాని టాపిక్‌లకు 10 పక్కనపెట్టి, మిగిలిన 30లో మూడో వంతు, అంటే 10 గంటలు, హార్ట్‌కిచ్చాను.

2019లో సిలబస్ మారింది కాబట్టి అంతకు ముందు పేపర్లలో టాపిక్‌లు మాత్రమే చూడండి, మార్కులు కలపొద్దు. ఏ సిస్టమ్ ఏ పేపర్‌లో వస్తుందో కూడా యూనివర్సిటీని బట్టి మారుతుంది, నా లెక్క మీకు అలాగే సరిపోకపోవచ్చు.