అద్దెకు దిగినవారికిచ్చే స్వాగత పత్రం: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మీ ఇంట్లో అద్దెకు దిగినవారికి తాళాలతోపాటు ఒక కాగితం కూడా ఇచ్చారు. ఇంటి నియమాలు, చెత్త బండి వచ్చే రోజులు, అత్యవసర నంబర్లు అన్నీ అందులో ఉన్నాయి. అయినా చెత్త సంచులు వేళకాని వేళలో గేటు ముందు ప్రత్యక్షమవుతున్నాయి, అర్ధరాత్రి బల్బు మాడిపోయిందంటూ ఫోను మోగుతోంది. చెప్పినా వినరని విసుక్కునే ముందు ఒక సంగతి గుర్తు చేసుకోండి. ఇంతకుముందు ఆ ఇంట్లో ఉన్నవారు కూడా ఇదే పొరపాటు చేశారా? చేసి ఉంటే చాలావరకు లోపం కాగితంలోనే ఉంటుంది. ఈసారే మొదలైతే మాత్రం ముందు మాట్లాడి చూడండి, కాగితం జోలికి తర్వాత వెళ్లవచ్చు.

సమస్య: చెత్త తప్పుడు సమయానికి బయటికి వస్తోంది

మీ పత్రంలో బహుశా ఇలా ఉండి ఉంటుంది: "మంగళ, శుక్రవారాల్లో చెత్త తీసుకువెళతారు." ఇది బండి దినచర్య. అద్దెకున్నవారు ఎప్పుడు ఏం చేయాలో ఇందులో లేదు. ఒకరు సోమవారం మధ్యాహ్నమే సంచి బయట పెడతారు, రాత్రికల్లా జంతువులు దాన్ని చీల్చేస్తాయి. ఇంకొకరు మంగళవారం ఉదయం ఆఫీసుకు వెళ్తూ పెడతారు, అప్పటికి బండి వెళ్లిపోయి ఉంటుంది. ఇద్దరూ పత్రం చదివినవారే.

కాబట్టి వాక్యాన్ని బండి వైపు నుంచి కాకుండా, డబ్బా పట్టుకున్న మనిషి వైపు నుంచి రాయాలి. ఉదాహరణకు బండి ఉదయం ఆరున్నరకు వచ్చే ఇంటికి ఇలా:

"సోమ, గురువారాల్లో రాత్రి 9 దాటాక తడి చెత్త డబ్బాను మూత పెట్టి గేటు బయట ఎడమవైపు గోడ పక్కన ఉంచండి. మర్నాడు ఉదయం 6:30కు బండి వస్తుంది. ఖాళీ డబ్బాను 9 గంటల లోపు లోపలికి తెచ్చుకోండి. బండి రాకపోతే డబ్బాను వెనక్కి తెచ్చి నీడలో ఉంచి, మాకు ఒక సందేశం పంపండి."

చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. సెలవు రోజున బండి రానప్పుడు ఏం చేయాలో తెలియక డబ్బాను అక్కడే వదిలేయడం వల్లనే పక్కింటివారితో తగవులు మొదలవుతాయి.

సమస్య: డబ్బా సరైన రోజునే పెట్టారు, కానీ బండివారు తీసుకోకుండా వెళ్లిపోయారు

మూత తీసి చూడండి. పొడి చెత్తలో నూనె పట్టిన కాగితం, కడగని పెరుగు డబ్బా, మధ్యలో ఒక పాత బ్యాటరీ కనిపిస్తే కారణం దొరికినట్టే. "తడి, పొడి వేరు చేయండి" అని రాస్తే అందరికీ అర్థమవుతుందని అనుకుంటాం. చిక్కంతా తడీ పొడీ కాని వస్తువుల దగ్గరే వస్తుంది. కూరగాయల తొక్కలు ఎందులో వేయాలో ఎవరూ అడగరు. వాడేసిన డైపరు, పగిలిన గాజు గ్లాసు, కాలం తీరిన మందులు ఎందులో వేయాలో తెలియక చేతికందిన డబ్బాలో వేస్తారు.

వర్గాల పేర్లు తగ్గించి, సందేహం వచ్చే ఓ పది వస్తువులను పేరుపేరునా రాసి, ఏది ఎందులో వేయాలో పక్కనే చెప్పండి. ఈ జాబితాను ఊహించి రాయవద్దు. నూనె పట్టిన కాగితాన్ని ఒకచోట తడి చెత్తగా తీసుకుంటారు, మరోచోట తీసుకోరు. మీ వీధిలో చెత్త సేకరించేవారి నియమాలు తెలుసుకుని రాయండి. పగిలిన గాజును మందపాటి కాగితంలో చుట్టి, పైన "గాజు" అని రాయమనండి, ఎందుకంటే ఆ సంచిని ఎత్తేది ఒక మనిషి చేయి. ఫోన్ల, ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలను ఏ డబ్బాలోనూ వేయకూడదని విడిగా చెప్పండి. బండిలో నలిగినప్పుడు లిథియం బ్యాటరీ నిప్పంటుకోవచ్చు. కారణం కూడా రాస్తే ఆ వరుస గుర్తుంటుంది.

సమస్య: చిన్న పనికి అర్ధరాత్రి ఫోను, పెద్ద ప్రమాదానికి మౌనం

రెండూ ఒకే లోపం నుంచి పుడతాయి. పత్రంలో నంబర్లు ఉన్నాయి, ఏది అత్యవసరమో లేదు. గోడ వెంబడి సన్నగా నీరు కారుతుంటే ఉదయం చెబుదాంలే అనుకునేవారు ఉంటారు. తెల్లారేసరికి కింది ఇంటి పైకప్పు తడిసిపోతుంది.

పైపు పగిలిన సందర్భాన్నే తీసుకుందాం. రాత్రి ఒంటిగంట, వంటగదిలో నీళ్లు చిమ్ముతున్నాయి. పత్రంలో మొదట ఉన్నది యజమాని నంబరు, ఆయన నిద్రలో ఉన్నారు. తర్వాతది ప్లంబరుది, ఆయన రావడానికి గంట పడుతుంది. ఆ గంటసేపూ నీరు పారుతూనే ఉంటుంది. నిజానికి ఆ క్షణంలో కావలసింది నంబరు కాదు, మెయిన్ వాల్వ్ ఎక్కడుందో చెప్పే ఒక్క వాక్యం: "మెట్ల కింద, నీలం పైపు మీద ఎర్ర పిడి. పైపుకు అడ్డంగా తిప్పితే నీరు ఆగుతుంది." ఆ తర్వాతే ఎవరికి ఫోను చేయాలో రాయాలి.

గ్యాస్ వాసన వచ్చినప్పుడు ఈ వరుస ఇంకా ముఖ్యం. ఏ స్విచ్‌నూ వేయకూడదు, ఆర్పకూడదు కూడా. చేతికందేలా ఉంటే గ్యాస్ వాల్వ్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, అందరూ బయటికి వెళ్లిపోవాలి. ఫోను ఇంటి బయటికి వచ్చాకే చేయాలి. ఈ నాలుగు మాటలూ పెద్ద అక్షరాల్లో ఉండాలి, తక్కినవి చిన్నగా ఉన్నా ఫరవాలేదు.

నంబర్లను మూడు భాగాలుగా విడదీయండి. ప్రాణానికి ముప్పయితే అగ్నిమాపక, అంబులెన్స్, పోలీసు నంబర్లు, ఎవరి అనుమతీ అడగకుండా. ఇంటికి నష్టం జరుగుతుంటే ఏ వేళయినా యజమానికి, ఆయన ఎత్తకపోతే రెండో మనిషికి. మాడిన బల్బు, బిగుసుకున్న గడియ లాంటివి పగలు, సందేశంలో. ఈ నంబర్ల పైనే ఇంటి పూర్తి చిరునామా, అంతస్తు, దగ్గరి గుర్తు రాయండి. కంగారులో ఉన్నవారికి, ఆ రోజే వచ్చిన బంధువుకి అంబులెన్స్‌వారు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు నోటికి రాదు.

సమస్య: నియమాలను ఎవరూ పట్టించుకోవడం లేదు

"ఎక్కువ శబ్దం చేయకూడదు" అంటే ఎవరి లెక్కలో ఎక్కువ? "రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పాటలు, టీవీ గది బయటికి వినిపించకూడదు" అంటే వాదన ఉండదు. నియమాలు ఇరవై దాటితే సగం తీసేయండి. మరో చిక్కు: అద్దె ఒప్పందంలో లేని షరతును స్వాగత పత్రంలో దూర్చడం. పెంపుడు జంతువుల గురించి ఒప్పందం ఏమీ అనకపోతే, ఈ కాగితంలో "కుక్కలు నిషేధం" అని రాసినా వివాదం వచ్చినప్పుడు అది నిలవడం కష్టం. అలాంటివి సంతకాలకు ముందే ఒప్పందంలోకి వెళ్లాలి.

సవరించాక చేయాల్సినవి

ఇల్లు ఎరుగని ఒకరి చేతికి పత్రం ఇచ్చి, మెయిన్ వాల్వ్ చూపించమనండి. ఒక నిమిషంలో దొరక్కపోతే ఆ వాక్యం తిరగరాయండి. పత్రంలోని ప్రతి నంబరుకూ ఒకసారి ఫోను చేసి చూడండి, అగ్నిమాపక, పోలీసు వంటి అత్యవసర సేవలకు మాత్రం వద్దు. వాటిని అధికారిక ప్రకటనతో సరిచూసుకుంటే చాలు. ఫోనులో పంపినా ఒక కాగితం ప్రతిని మీటరు బోర్డు దగ్గర అతికించండి, కరెంటు పోయి ఫోనులో చార్జింగ్ లేనప్పుడు పనికొచ్చేది అదే. అడుగున సవరించిన తేదీ వేయండి. చెత్త బండి వేళలు మారిన రోజున పాత ప్రతిని చించి కొత్తది అతికించేయండి.